పిల్లల చేతి పులిహోర

ఎనిమిది నుంచి పన్నెండేళ్ల పిల్లలకు ఆదివారం వంట నేర్పడానికి నిమ్మకాయ పులిహోర అనువైనది. కొలత, పోపు, రుచి చూడటం మూడూ అందులోనే ఉన్నాయి. గ్లాసు బియ్యానికి రెండు గ్లాసుల కన్నా కాస్త తక్కువ నీళ్లు పోస్తే అన్నం పలుకుగా ఉంటుంది. దాన్ని పళ్లెంలో పరిచి ఆరబెట్టాలి. వేడిగా కలిపితే ముద్దవుతుంది. పసుపు కలపడం, నిమ్మకాయలు పిండి గింజలు తీయడం ఎనిమిదేళ్ల వాళ్ల పని.

పోపు మాత్రం పదేళ్లు దాటాక, అదీ పెద్దలు పక్కన నిలబడి ఉండగానే. పల్లీలు, శనగపప్పు ముందు పడాలి, అవి వేగడానికి సమయం పడుతుంది. ఆవాలు, ఎండుమిర్చి తర్వాత. కరివేపాకు తడి తుడవకుండా వేస్తే నూనె చిటపటా చిందుతుంది. శనగపప్పు లేత బంగారు రంగుకు రాగానే స్టవ్ ఆపాలి, వేడి నూనెలో అది ఇంకా వేగుతూనే ఉంటుంది. పిల్లలు పొరబడేది ఇక్కడే: ఎర్రబడేదాకా ఆగితే పప్పు మాడి చేదెక్కుతుంది.

నిమ్మరసం పొయ్యి మీద పోయకూడదు, కాగితే చేదు వస్తుంది. ఆరిన అన్నంలో సగం రసం, ఉప్పు, పోపు కలిపి, రుచి చూసి మిగతాది పోయాలి.