కారు అమ్మేముందు తెర ఖాళీ చేయండి

కారు అమ్మేటప్పుడు ఆర్‌సీ బదిలీ గుర్తుంటుంది, డ్యాష్‌బోర్డు తెర గుర్తుండదు. బ్లూటూత్‌తో ఫోన్ కలిపినప్పుడు కాంటాక్టులు, కాల్ లిస్టు అందులోకి చేరతాయి. నావిగేషన్‌లో ‘హోమ్’గా పెట్టుకున్న ఇంటి చిరునామా కూడా అక్కడే ఉంటుంది. సెట్టింగ్స్‌లో ‘Factory Reset’ నొక్కి, తర్వాత బ్లూటూత్ జాబితా, నావిగేషన్ తెరిచి ఖాళీ అయ్యాయో లేదో చూడండి.

కంపెనీ యాప్ ఖాతా సంగతి వేరు. అది కంపెనీ సర్వర్‌లో ఉంటుంది కాబట్టి రీసెట్ చేసినా తెగకపోవచ్చు. అప్పుడు కారు ఎక్కడుందో అమ్మినవారి ఫోన్‌లో కనిపిస్తూనే ఉంటుంది. కొన్ని మోడళ్లలో తలుపుల తాళమూ తీయొచ్చు. ఫోన్‌లోంచి యాప్ తీసేస్తే సరిపోదు. యాప్‌లోకి వెళ్లి, ఖాతా నుంచి ఆ కారునే తొలగించాలి. కొన్నవారు తమ ఖాతాలో దాన్ని నమోదు చేసుకోగలిగితే సాధారణంగా మీ లింకు తెగినట్టే. కుదరకపోతే సర్వీస్ సెంటర్‌లో అడగండి.