మేనేజరు గారి నోటు, చివర్లో తప్పిన క్రియ

విజయవాడలో ఒక బట్టల షోరూం. బిల్లింగులో, సేల్స్‌లో ఉదయం బ్యాచ్, సాయంత్రం బ్యాచ్ ఉంటాయి. షిఫ్టులు మార్చుకోవడంపై మేనేజరు ఫోన్లో ఒక నోటు టైపు చేసి, స్టాఫ్ గదిలో గోడకు అంటించే ముందు కాస్త సరిచూడమని ఇచ్చారు. ఆ నోటు ఇదీ:

"స్టాఫ్ అందరికీ. గత ఆదివారం బిల్లింగులో ఇద్దరు అమ్మాయిలు నాకు చెప్పకుండా షిఫ్టు మార్చుకుంది. కౌంటర్ తాళాలు ఎవరి దగ్గర ఉందో తెలియక కస్టమర్లు అరగంట నిలబడ్డారు. ఇకనుంచి రేపు షిఫ్టు మార్చుకునేవాళ్లు చెప్పాలి సాయంత్రం 6 లోపు. సేల్స్ వాళ్లు మాత్రమే సేల్స్ వాళ్లతో మార్చుకోవాలి. మీరు ఒప్పుకున్న షిఫ్టుకి రాకపోతే ఆబ్సెంట్ నీకే పడుతుంది."

పుట్టి పెరిగింది తెలుగులోనే అయినా ఇలాంటి తప్పులు పడతాయి. ఆయన ముందు "ఒక అమ్మాయి మార్చుకుంది" అని రాసి ఉంటారు. తర్వాత ఇద్దరని గుర్తొచ్చి వాక్యం మొదలు మార్చారు, చివర మర్చిపోయారు. తెలుగులో క్రియ వాక్యం చివర కూర్చుంటుంది. ఫోన్ తెరమీద ఆ చివర చాలాసార్లు కింది వరుసలో ఉంటుంది. తాళం తాళాలైనా "ఉందో" అలాగే మిగిలిపోవడానికీ కారణం అదే కావచ్చు. అందుకని ఇలాంటి నోటు సరిచూసేటప్పుడు నేను ప్రతి వాక్యం క్రియ దగ్గర మొదలుపెట్టి, ఆ పని ఎవరిదని అడుగుతూ వెనక్కి చదువుతాను.

ఇక్కడ మన భాషలో ఒక వింత ఉంది. ఏకవచనంలో అమ్మాయీ తాళమూ ఒకే జట్టు: అమ్మాయి వచ్చింది, తాళం వచ్చింది. బహువచనంలోకి రాగానే అమ్మాయిలు అబ్బాయిల జట్టులో చేరి "వచ్చారు" అవుతారు, తాళాలు మాత్రం "వచ్చాయి" అవుతాయి. కాబట్టి ఒకటే "ది"తో ముగిసిన ఆ రెండు తప్పులకు దిద్దుబాటు ఒకటి కాదు. అమ్మాయిలకు "మార్చుకున్నారు", తాళాలకు "ఉన్నాయో". "మీరు" అని మొదలై "నీకే" అని తేలిన చివరి వాక్యం కూడా పొత్తు తప్పిందే. చదివేవాళ్లకు అక్కడ గౌరవం సగంలో ఆగిపోయినట్టుంటుంది. "మీకే" అంటే చాలు.

మాటల వరుస దగ్గర ఇంత ధీమాగా కలం పెట్టకూడదు. "చెప్పాలి సాయంత్రం 6 లోపు" అనేది నోటితో చెప్పేటప్పుడు తప్పేం కాదు, మనందరం అలాగే అంటాం. గోడమీది కాగితంలో మాత్రం గడువు క్రియకు ముందుంటే కంటికి ఆగుతుంది. అసలు చిక్కు "రేపు"తో వచ్చింది. రేపటి షిఫ్టు మార్చుకునేవాళ్లు ఇవాళే చెప్పాలా, రేపు సాయంత్రంలోపు చెప్పినా చాలా? రెండో రకంగా చదివినవాళ్లు ఉదయం షిఫ్టు ఎగ్గొట్టి సాయంత్రం కబురు పెట్టినా నోటు ప్రకారం తప్పులేదు! ఇది వ్యాకరణంతో తేలేది కాదు. అడిగితే, ముందు రోజే చెప్పాలన్నదే తన ఉద్దేశమన్నారు మేనేజరు.

"మాత్రమే"దీ అదే తంతు. ఆ మాట తన ముందున్న మాటను పట్టుకుంటుంది. ఆయన రాసినట్టు చదివితే, సేల్స్ వాళ్లతో మార్చుకునే హక్కు సేల్స్ వాళ్లకే ఉంది గానీ, సేల్స్ వాళ్లు బిల్లింగు వాళ్లతో మార్చుకోకూడదని ఎక్కడా లేదు. ఆయన చెప్పదలచింది ఆ రెండోదే. మాటను రెండడుగులు జరిపితే రూలు కుదిరింది.

షిఫ్టు, బిల్లింగు, కౌంటర్, ఆబ్సెంట్ జోలికి వెళ్లలేదు. స్టాఫ్ రోజూ అనే మాటలవి. "ఆబ్సెంట్"ను "గైర్హాజరు" చేస్తే నోటు సర్కారీ ఉత్తర్వులా బిగుసుకుపోతుంది. అరగంట నిలబడిన కస్టమర్ల మాటలోని చిరాకూ ఆయనదే, అదీ ఉంచాం. దిద్దాక నోటు ఇలా వచ్చింది:

"స్టాఫ్ అందరికీ. గత ఆదివారం బిల్లింగులో ఇద్దరు అమ్మాయిలు నాకు చెప్పకుండా షిఫ్టు మార్చుకున్నారు. కౌంటర్ తాళాలు ఎవరి దగ్గర ఉన్నాయో తెలియక కస్టమర్లు అరగంట నిలబడ్డారు. ఇకనుంచి షిఫ్టు మార్చుకునేవాళ్లు ముందు రోజు సాయంత్రం 6 లోపు చెప్పాలి. సేల్స్ వాళ్లు సేల్స్ వాళ్లతో మాత్రమే మార్చుకోవాలి. మీరు ఒప్పుకున్న షిఫ్టుకి రాకపోతే ఆబ్సెంట్ మీకే పడుతుంది."

బిల్లింగు వాళ్లు ఎవరితో మార్చుకోవాలో ఇందులో ఇప్పటికీ లేదు. అది దిద్దేవాళ్లు కలిపే సంగతి కాదు. మేనేజరు చెవిన వేసి ఊరుకోవాలి, రాయాలో వద్దో ఆయన చూసుకుంటారు.