రాత్రి డ్యూటీ నోట్సు లాగ్‌బుక్‌లోకి ఎక్కేదెలా?

ఎండీ జనరల్ మెడిసిన్ చదివే డాక్టరు తెల్లవారుజామున డైరీలో గబగబా ఇలా రాసుకున్నారనుకుందాం: ‘షుగర్ బాగా పెరిగి డీకేఏతో వచ్చారు. ఇన్సులిన్ పెట్టబోతే సీనియర్ ఆపారు. పొటాషియం 3.0. భయమేసింది.’

లాగ్‌బుక్‌లోకి ఎక్కించేటప్పుడు ముందు రోగి పేరు, గుర్తుపట్టే వివరాలు తీసేయాలి. కేసు రెండు వాక్యాల్లో చాలు. తర్వాత తన నిర్ణయం, దాని వెనకున్న ఆలోచన రాయాలి: షుగర్ మీదే దృష్టి పెట్టి పొటాషియం రిపోర్టు కోసం ఆగలేదు. భయాన్ని కొట్టేయనక్కర్లేదు, ఆ తొందర ఎందుకొచ్చిందో అదే చెబుతుంది.

‘జాగ్రత్తగా ఉండాలి’ అనేది నేర్చుకున్న పాఠం కాదు. ‘ఇన్సులిన్ పొటాషియంను కణాల్లోకి నెడుతుంది. అప్పటికే తక్కువగా ఉంటే గుండె లయ తప్పవచ్చు. కాబట్టి ముందు పొటాషియం ఎక్కించి, ఆ తర్వాతే ఇన్సులిన్’ అనేది పాఠం. వచ్చే కేసులో ఏం మారుతుందో అందులో కనబడుతుంది.

చివరిది సామర్థ్యం. ఇక్కడ ‘డీకేఏ అత్యవసర చికిత్స, సీనియర్ పర్యవేక్షణలో’ అని రాయాలి. ‘స్వతంత్రంగా చేశాను’ అంటే కథనమే ఒప్పుకోదు. సంతకం పెట్టే గైడు ముందు పట్టుకునేది ఈ తేడానే.