పరీక్షల వేళ తలనొప్పి: మాత్రకు ముందు మెడను చూడాలి

బళ్ళారిలో ద్వితీయ పీయూసీ చదివే పదిహేడేళ్ళ అమ్మాయి ఒకరిని ఊహించుకుందాం. పరీక్షల వారంలో మంచంపై కూర్చుని, పుస్తకం ఒడిలో పెట్టుకుని రోజుకు తొమ్మిది గంటలు చదువుతుంది. సాయంత్రం నాలుగు గంటలయ్యేసరికి తల చుట్టూ గుడ్డ బిగించి కట్టినట్లు రెండు వైపులా నొప్పి మొదలవుతుంది. భుజాలు తాకితే గట్టిగా, నొప్పిగా ఉంటాయి. వాంతి లేదు. లేచి నడిస్తే నొప్పి పెరగదు. వైద్యులు ఒత్తిడి తలనొప్పి అని పిలిచేది దీనినే. పార్శ్వపు నొప్పి ఇందుకు భిన్నమైనది. అది తరచుగా ఒక పక్క పోటుగా వస్తుంది, వికారం కలిగిస్తుంది, వెలుతురును భరించనివ్వదు, నడిస్తే ఎక్కువవుతుంది.

మనిషి తల బరువు సుమారు ఐదు కిలోలు. తల నిటారుగా ఉన్నప్పుడు ఆ బరువులో అధికభాగాన్ని వెన్నెముక మోస్తుంది. ముందుకు వంగినప్పుడు మెడ వెనుక కండరాలు, భుజాల కండరాలు దానిని పట్టి ఉంచవలసి వస్తుంది. గంటల తరబడి సడలని కండరం నొప్పి పెడుతుంది. మెడ పైభాగపు నరాలు, ముఖపు నరాలు మెదడు అడుగుభాగంలో ఒకే చోట కలుస్తాయి కనుక, మెడలో పుట్టిన బాధ నుదుటిపైన, కణతల వద్ద తెలుస్తుంది. నిద్రలేమి, ఆందోళన దానిని మరింత పెంచుతాయి.

కాబట్టి మొదట మార్చవలసినది పుస్తకం ఉన్న చోటు. బల్ల ఉంటే రెండు లావు పుస్తకాలపై చదివే పుస్తకాన్ని ఏటవాలుగా నిలపాలి. నేలపై కూర్చునేవారు గోడకు వీపు ఆనించి, ఇంట్లో పారాయణకు వాడే వ్యాసపీఠాన్ని చిన్న పీటపై ఉంచుకోవచ్చు. వ్రాసేటప్పుడు మోచేతులకు ఆధారం ఉంటే భుజాలు పైకి లేవవు. అరగంటకు ఒకసారి లేచి రెండు మూడు నిమిషాలు నడవాలి. భుజాలను చెవుల వైపు ఎత్తి, ఐదు సెకన్లు పట్టి వదలాలి. ఇలా ఐదుసార్లు చేయాలి. ఆ విరామంలో సెల్‌ఫోన్ చూస్తే మెడ మళ్ళీ వంగుతుంది, విరామం వ్యర్థమవుతుంది. రాత్రి భుజాలపై వేడినీటి గుడ్డతో పది నిమిషాలు కాపడం పెడితే బిగువు సడలుతుంది.

బళ్ళారి మార్చి ఎండలో నీరు తగ్గినా, భోజనం మానినా తల నొస్తుంది. రోజుకు రెండు, రెండున్నర లీటర్ల నీరు అవసరమవుతుంది. మజ్జిగ కూడా ఈ లెక్కలోకి వస్తుంది. మూత్రం ముదురు పసుపుగా ఉంటే నీరు చాలలేదని గుర్తు. రాత్రి మేలుకోవడానికి కాఫీ పెంచితే నిద్ర తగ్గి మరునాడు నొప్పి పెరుగుతుంది.

ఇవన్నీ చేసినా నొప్పి తగ్గకపోతే, ఈ వయసువారు 500 మిల్లీగ్రాముల పారాసిటమాల్ మాత్ర ఒకటి వేసుకోవచ్చు. మాత్రకు మాత్రకు మధ్య ఆరు గంటలు గడవాలి. వైద్యుడు చెప్పనిదే రోజుకు నాలుగు దాటరాదు. జలుబు మాత్రలలోనూ తరచుగా పారాసిటమాల్ ఉంటుంది. రెండూ కలిస్తే మోతాదు మించి కాలేయానికి హాని కలుగుతుంది. పదహారేళ్ళలోపు వారికి ఆస్పిరిన్ ఇవ్వరాదు. ఐబూప్రొఫెన్ వంటివి ఖాళీ కడుపుతో, ఒంట్లో నీరు తగ్గినప్పుడు, డెంగీ అనుమానం ఉన్నప్పుడు వాడరాదు.

అయితే మాత్రలకన్నా, మాత్ర వేసుకున్న రోజులను లెక్కపెట్టడం ముఖ్యం. వారానికి రెండు రోజులు మించకూడదు. మన విద్యార్థిని డిసెంబరులో చదువు మొదలుపెట్టి, రోజు విడిచి రోజు మాత్ర వేసుకుంటూ వచ్చిందనుకుందాం. నెలకు పదిహేను రోజులయ్యాయి. ఈ తీరు మూడు నెలలు దాటితే మాత్రలే తలనొప్పికి కారణం కావచ్చు. కెఫీన్ వంటివి కలిసిన మాత్రలకైతే నెలకు పది రోజులే చాలు. పొద్దున నిద్ర లేస్తూనే నొప్పి, మాత్రతో కాస్త ఉపశమనం, మరల నొప్పి. దీని గుర్తు ఇదే. మాత్రలు ఆపితే నయమవుతుంది గాని, ఆపిన తొలి రోజులలో నొప్పి పెరగవచ్చు. పరీక్షల మధ్య ఆ అవస్థ రాకుండా, ముందే వైద్యుని సలహాతో ఆపడం మేలు.

కొన్ని తలనొప్పులకు ఇంటి ఉపాయాలు పనికిరావు. ఒక్కసారిగా భరించలేనంతగా వచ్చిన నొప్పి, జ్వరంతో మెడ బిగుసుకుపోవడం, చూపు మసకబారడం, మాట తడబడడం, చేయి కాలు బలహీనపడడం, తలకు దెబ్బ తగిలిన తరువాత వచ్చిన నొప్పి, ఇవి కనిపిస్తే పరీక్ష ఉన్నా సరే వెంటనే ఆసుపత్రికి వెళ్ళాలి. నొప్పి రోజురోజుకూ పెరుగుతున్నా, ఉదయం పూట వాంతులతో నిద్ర లేపుతున్నా జాప్యం చేయకుండా వైద్యునికి చూపించాలి.