కబడ్డీ శిక్షణలో స్థిర, గతిశీల సాగదీతలు: కర్నూలు, కడప మైదానాల నేపథ్యంలో పరిశీలన

వ్యాససంగ్రహం: ఆటకు ముందు కండరాలను సాగదీయడం మేలా, కీడా అన్న చర్చ క్రీడాశాస్త్రంలో కొంతకాలంగా సాగుతోంది. సమస్య సాగదీతలో కాక, దాని వ్యవధిలోను, స్థానంలోను ఉన్నదని పరిశోధనలు సూచిస్తున్నాయి. ఈ వ్యాసం కబడ్డీ రైడర్‌ను ఉదాహరణగా తీసుకొని ఆ విషయాన్ని వివరిస్తుంది.

కీలక పదాలు: స్థిర సాగదీత, గతిశీల సాగదీత, సన్నాహక వ్యాయామం, కబడ్డీ, రాయలసీమ.

1. ఉపోద్ఘాతం

ఒక కండరాన్ని దాని చివరి హద్దు వరకు సాగదీసి, కదలకుండా నిలిపి ఉంచడం స్థిర సాగదీత (స్టాటిక్ స్ట్రెచింగ్). నడుస్తూ కాలిని ముందుకు, పక్కకు ఊపడం, పెద్ద అంగలతో వంగి లేవడం వంటి అదుపైన కదలికల ద్వారా కీలును దాని పూర్తి పరిధిలో తిప్పడం గతిశీల సాగదీత (డైనమిక్ స్ట్రెచింగ్). కబడ్డీ రైడర్‌కు ఈ రెండింటి ఫలమూ కావాలి. కాలు చాచి ప్రత్యర్థిని కాలివేలితో తాకాలంటే గజ్జలు, తొడ వెనుక కండరాలు బాగా సాగాలి. తాకిన మరుక్షణం మధ్యగీత వైపు వెనుదిరగాలంటే అవే కండరాలు వేగంగా బలాన్ని పుట్టించాలి. అందువల్ల ఈ క్రీడలో సాగదీత స్థానం ప్రత్యేకంగా ఆలోచించవలసిన అంశం.

2. పరిశోధనలు సూచించేది

బెమ్ తదితరులు 2016లో ప్రచురించిన సమీక్ష ఈ విషయంలో ప్రధానమైనది. ఒక కండరాన్ని 60 సెకన్లు, అంతకు మించి స్థిరంగా సాగదీసినప్పుడు బల, వేగ పరీక్షల ఫలితం సగటున 4.6 శాతం తగ్గింది. 60 సెకన్లలోపు అయితే తగ్గుదల 1.1 శాతమే. గతిశీల సాగదీత తరువాత 1.3 శాతం పెరుగుదల కనిపించింది. 50 సెంటీమీటర్లు ఎగరగల ఆటగాడికి మొదటిది సుమారు 2.3 సెంటీమీటర్ల నష్టం, రెండవది అర సెంటీమీటరు మాత్రమే.

దీర్ఘమైన స్థిర సాగదీత తరువాత కండరానికి నాడుల ప్రేరణ కొంతసేపు మందగించడం ఈ నష్టానికి ముఖ్య కారణమని భావిస్తున్నారు. గతిశీల సాగదీతలో కండరం వేడెక్కుతుంది, నాడీప్రసారం చురుకవుతుంది. అయితే ఈ సగటులను యథాతథంగా ఆటకు అన్వయించరాదు. చాలా పరీక్షలు సాగదీసిన కొద్ది నిమిషాలకే జరిగాయి. మధ్యలో పరుగు, గెంతు వంటి కదలికలు చేరితే స్వల్ప వ్యవధి సాగదీత నష్టం దాదాపు కనిపించదు.

గాయాల నివారణ విషయంలోనూ జాగ్రత్త అవసరం. పోప్ తదితరులు 2000లో ప్రచురించిన అధ్యయనంలో 1,538 మంది ఆస్ట్రేలియా సైనిక శిక్షణార్థులను పరిశీలించారు. వ్యాయామానికి ముందు చేసిన స్థిర సాగదీత కాళ్ల గాయాలను చెప్పుకోదగినంతగా తగ్గించలేదు.

3. శిక్షణలో అమరిక

వేసవిలో 40 డిగ్రీలు దాటే కర్నూలు, కడప ప్రాంతాల్లో ఉదయం ఆరు గంటలకే మొదలయ్యే 75 నిమిషాల శిక్షణను ఉదాహరణగా తీసుకోవచ్చు. మొదటి ఐదు నిమిషాలు నెమ్మది పరుగు, పక్క అడుగులు. తరువాత గజ్జలు బిగుసుకొని ఉన్న రైడర్లకు మాత్రమే, ఒక్కో కాలికి 20 నుంచి 30 సెకన్ల స్థిర సాగదీత. ఆపై అందరికీ ఆరేడు నిమిషాల గతిశీల సాగదీత: కాలి ఊపులు, అంగలు, మోకాళ్లు పైకెత్తే నడక. చివర మూడు నాలుగు పొట్టి పరుగులు, కూత పెడుతూ రెండు తేలికపాటి రైడ్‌లు. ఈ క్రమం మారి, స్థిర సాగదీత నేరుగా రైడ్‌కు ముందు వస్తే అది చివరి ముద్ర అవుతుంది.

ఎండలో చర్మం త్వరగా వేడెక్కినంత మాత్రాన కీళ్లు సిద్ధమైనట్లు కాదు. కనుక గతిశీల భాగాన్ని వదలరాదు. అలాగని సన్నాహాన్ని పొడిగిస్తే ఆటకు ముందే శరీరం వేడిని, చెమటను మోయవలసి వస్తుంది.

కీలు పరిధిని శాశ్వతంగా పెంచడానికి ఉద్దేశించిన సాగదీతకు వేరే వేళ కావాలి. వారంలో కనీసం ఐదు రోజులు, ఒక్కో కండరానికి మొత్తం ఐదు నిమిషాలు మేలని థామస్ తదితరుల 2018 సమీక్ష సూచించింది. రోజుకు ఒక్కో కాలికి రెండు సార్లు 30 సెకన్లు చేస్తే ఈ లెక్క సరిపోతుంది. కడపలోని డాక్టర్ వై.ఎస్.ఆర్. క్రీడా పాఠశాల వంటి ఆవాస సంస్థల్లో దీనిని సాయంత్రానికి ఉంచవచ్చు. ఉదయం ఆడి తరగతులకు వెళ్లిపోయే కళాశాల విద్యార్థులకు శిక్షణ ముగిశాక నీడలో చేయించడమే ఉచితం. కానీ దీనివల్ల మరునాటి ఒళ్లునొప్పులు తగ్గుతాయని ఆశించరాదు. 2011 కాక్రేన్ సమీక్షలో ఆ తగ్గుదల అత్యల్పమని తేలింది.

4. పరీక్షించుకొనే మార్గం

సన్నాహానికి స్థిర సాగదీతను కలిపి ఒక రోజు, కలపకుండా మరో రోజు, అదే వేళకు, చేతికి సుద్ద పూసుకొని గోడపై మూడేసి ఎగురులు గుర్తించాలి. రెండు రోజుల్లోని ఉత్తమ గుర్తులను పోల్చాలి. వేలి వెడల్పులోపు తేడా సహజం. నాలుగైదు సార్లు పరీక్షించినా సాగదీత ఉన్న రోజే గుర్తు కిందికి దిగుతుంటే వ్యవధి మించిందని, లేదా తరువాతి గతిశీల భాగం చాలలేదని గ్రహించాలి.

5. ఉపసంహారం

స్థిర సాగదీతను నిషేధించడం గాని, ఆటకు ముందు దానితోనే సరిపెట్టడం గాని పరిశోధనలకు అనుగుణం కాదు. ఆటకు ముందు అది అవసరమైనవారికి, స్వల్పంగా, గతిశీల కదలికల కంటే ముందు రావాలి. దీర్ఘంగా చేయవలసినది ఆట ముగిసిన తరువాతే.