పెయింట్ల షాపులో కనిపించే కందకం

ఏ వ్యాపారంలోనైనా లాభాలు దండిగా వస్తున్నాయంటే నలుగురి కళ్లూ దానిమీదే పడతాయి. కొత్తవాళ్లు దిగుతారు, ధరలు తగ్గిస్తారు, కొన్నేళ్లకు అందరి లాభాలూ పలచబడతాయి. మామూలుగా జరిగేది ఇదే. కొన్ని కంపెనీల విషయంలో మాత్రం దశాబ్దాలు గడిచినా అలా జరగదు. వాటిని కాపాడే బలాన్ని అమెరికా మదుపరి వారెన్ బఫెట్ కోట చుట్టూ ఉండే కందకంతో పోల్చాడు. అదే ‘ఎకనమిక్ మోట్’గా పేరుపడింది. అది ఎలా ఉంటుందో చూడాలంటే మన ఊళ్లో పెయింట్ల షాపుకి వెళ్తే చాలు.

ఏషియన్ పెయింట్స్‌ను 1942లో బొంబాయిలో నలుగురు మిత్రులు మొదలుపెట్టారు. అప్పుడు ఈ రంగాన్ని ఏలుతున్నవి విదేశీ కంపెనీలు. 1967 నాటికి వాటన్నిటినీ దాటి దేశంలో మొదటి స్థానానికి చేరిన ఈ కంపెనీ ఇప్పటికీ అక్కడే ఉంది. పెయింట్ తయారీలో పెద్ద రహస్యమేమీ లేదు. ముడిసరుకు ఎవరైనా కొనవచ్చు, ఫ్యాక్టరీ ఎవరైనా కట్టవచ్చు, ప్రకటనలో సినిమా తారను ఎవరైనా చూపించవచ్చు. డబ్బు పెడితే దొరికేది ఏదీ కందకం కాదు.

ఈ కంపెనీ మొదటినుంచీ పట్టుకున్న దారి వేరు. పెద్ద హోల్‌సేల్ వ్యాపారుల మీద ఆధారపడకుండా, చిన్న ఊళ్లలోని దుకాణాలకు తానే నేరుగా సరుకు పంపింది. ఏ రంగు ఏ ఊళ్లో, ఏ నెలలో, ఎన్ని లీటర్ల డబ్బాల్లో పోతుందో లెక్కగట్టడానికి 1970లోనే కంప్యూటర్ కొంది. సంక్రాంతికి ముందు ఒక ఊరు ఏ రంగులు అడుగుతుందో ముందే తెలిస్తే, షాపువాడు సరుకు గుట్టలుగా పోసుకోనక్కర్లేదు. అయిపోగానే చెబితే వెంటనే వస్తుంది.

అసలు కిటుకు ఇక్కడే ఉంది. లెక్క తేలిగ్గా ఉండటానికి ఒక షాపు యజమాని రెండు కంపెనీల సరుకు మీద చెరో 5 లక్షలు పెట్టాడనుకుందాం. మొదటి కంపెనీ ఇచ్చే మార్జిన్ 4 శాతమే, కానీ సరుకు నెలకోసారి ఖాళీ అవుతుంది. నెలకు 20 వేలు, ఏడాదికి 2 లక్షల 40 వేలు. రెండో కంపెనీ 8 శాతం ఇస్తుంది, కానీ సరుకు అమ్ముడవడానికి మూడు నెలలు పడుతుంది. ఏడాదికి నాలుగు దఫాలు, దఫాకు 40 వేలు, మొత్తం 1 లక్షా 60 వేలు. మార్జిన్ సగమే అయినా మొదటి కంపెనీ సరుకే అతనికి లాభం. పోటీదారు మార్జిన్ పెంచి ఒక్కటే షాపువాణ్ని తిప్పుకోలేకపోవడానికి కారణం ఈ లెక్కే.

పోనీ, తానూ రోజూ సరుకు పంపుదామంటే? ఒకే వీధిలో పది షాపులు కొంటుంటే వ్యాను నిండుగా తిరుగుతుంది, డబ్బాకు పడే రవాణా ఖర్చు తగ్గుతుంది. రెండు షాపులే కొనే కొత్త కంపెనీ వ్యాను సగం ఖాళీగా తిరగాలి. అమ్మకాలు పెరిగితేగానీ ఖర్చు తగ్గదు, ఖర్చు తగ్గితేగానీ అమ్మకాలు పెరగవు.

షాపులో కౌంటర్ పక్కన రంగులు కలిపే టింటింగ్ మెషిన్ కూడా గమనించండి. తెల్లటి బేస్ డబ్బాలో కొన్ని చుక్కల రంగులు కలిపి వేల షేడ్లు తీస్తుంది. ఇరుకు షాపులో ఇలాంటి మెషిన్లు ఒకటో రెండో పడతాయి. ఆ చోటు ముందే ఎవరికి దక్కితే వాళ్లదే పైచేయి. ఇంటి యజమానికి పెయింట్ నాణ్యత తేల్చుకునే వీలు తక్కువ. రంగులు వేసే మేస్త్రి, షాపువాడు చెప్పిందే వింటాడు.

అయితే ఏ కందకమూ శాశ్వతం కాదు. 2024 ఫిబ్రవరిలో ఆదిత్య బిర్లా గ్రూపు సంస్థ గ్రాసిమ్, ‘బిర్లా ఓపస్’ పేరుతో 10 వేల కోట్ల రూపాయల పెట్టుబడితో దిగింది. ఆ కంపెనీ ఎక్కడ గురిపెట్టిందో చూడండి: షాపులకు టింటింగ్ మెషిన్లు ఉచితంగా ఇచ్చింది. అంటే సరిగ్గా కందకం ఉన్నచోటే పూడ్చడం మొదలుపెట్టింది. 2023-24లో సుమారు 5,460 కోట్లున్న ఏషియన్ పెయింట్స్ నికర లాభం మరుసటి ఏడాది సుమారు 3,670 కోట్లకు పడిపోయింది. నగరాల్లో గిరాకీ మందగించడం కూడా అందుకు ఒక కారణం కాబట్టి, ఆ తగ్గుదలంతా పోటీ వల్లేనని చెప్పలేం. డీలర్లపై ఒత్తిడి తెస్తోందన్న గ్రాసిమ్ ఫిర్యాదుపై 2025 జులైలో కాంపిటిషన్ కమిషన్ దర్యాప్తుకు ఆదేశించింది. ఈ గీత చాలా ముఖ్యం. మంచి సేవతో షాపువాణ్ని నిలుపుకుంటే అది కందకం. బెదిరించి నిలుపుకుంటే చట్టం ఒప్పుకోదు.

నా మట్టుకు నేను ఒక్క ఏడాది లాభం చూసి కందకం ఉందనీ, లేదనీ చెప్పను. పెట్టుబడిపై రాబడి పదేళ్లపాటు నిలిచిందా, ముడిసరుకు ఖరీదైనప్పుడు ధర పెంచినా కొనేవాళ్లు పోలేదా అన్నవే నమ్మదగిన గుర్తులు. పెయింట్ కంపెనీ షేరు కొనాలనుకునేవారు బ్యాలెన్స్ షీట్‌తోపాటు నాలుగు షాపులూ చూసి రండి. ఏ కంపెనీ సరుకు ఎన్నాళ్లలో అమ్ముడవుతోందో యజమానిని అడగండి. ఉచితంగా వచ్చిన మెషిన్ నిజంగా వాడుతున్నారా, మూలన పడేశారా అన్నది మీరే చూడండి.