గడ్డివాములో దొరికిన కత్తి

జూనియర్ సివిల్ జడ్జి పరీక్షకు ముందు రాత్రి ఒక అభ్యర్థిని సాక్ష్య చట్టంలోని ఈ ప్రశ్న దగ్గర ఆగింది. పోలీసు కస్టడీలో ఉన్న నిందితుడు ఎస్సైతో ఇలా అన్నాడు: “పగతో అతణ్ణి చంపాను. పొడిచిన కత్తిని మా గడ్డివాములో దాచాను. వస్తే చూపిస్తాను.” పోలీసులు వెంట వెళ్తే కత్తి దొరికింది. ఈ మాటల్లో ఎంతవరకు కోర్టులో రుజువు చేయవచ్చు?

‘ఏదీ చెల్లదు’ అని ఆమె మొదట రాసింది. అందుకు ఆధారం ఉంది. 2024 జూలై 1 నుంచి అమల్లో ఉన్న భారతీయ సాక్ష్య అధినియం 23వ సెక్షన్ ప్రకారం పోలీసు అధికారి ఎదుట చేసిన నేరాంగీకారాన్ని నిందితుడి మీద రుజువు చేయకూడదు. బలవంతపు ఒప్పుకోళ్ల నుంచి మనిషిని కాపాడే నియమం ఇది. అయితే అదే సెక్షన్‌కు ఒక మినహాయింపు ఉంది. పాత చట్టంలో అది 27వ సెక్షన్. కస్టడీలో ఉన్న నిందితుడిచ్చిన సమాచారం వల్ల ఒక విషయం బయటపడితే, దానికి నేరుగా సంబంధించిన మేరకు ఆ మాటలు చెల్లుతాయి.

దాంతో ఆమె మొదటి వాక్యం కొట్టేసి మిగతా రెండూ ఉంచింది. ఇంకా ఒక మాట మిగిలిపోయింది. గుంటూరు ప్రాంతపు హత్య కేసు పులుకూరి కోటయ్యలో ప్రివీ కౌన్సిల్ చెప్పింది గుర్తొచ్చాక అది కనిపించింది. 1947 నాటి లా రిపోర్టుల్లో ఉన్న ఆ తీర్పు ప్రకారం బయటపడిన ‘విషయం’ అంటే కత్తి ఒక్కటే కాదు. అది ఫలానా చోట ఉందన్నదీ, ఆ సంగతి నిందితుడికి తెలుసన్నదీ కలిస్తేనే ఆ విషయం. ఆ కత్తిని గతంలో దేనికి వాడారన్నది గడ్డివాము వెతికితే తెలిసేది కాదు. కాబట్టి ‘పొడిచిన’ అన్న మాటా పోవాలి. “కత్తిని మా గడ్డివాములో దాచాను, వస్తే చూపిస్తాను” అన్నంతే నిలుస్తుంది. ఈ ప్రశ్నలో ఎక్కువమంది జారిపోయే చోటు ఇదే. వాక్యాల లెక్కన విడదీస్తే సరిపోదు, వాక్యం లోపలి మాటల్నీ విడదీయాలి.

తర్వాత ఆమె వాస్తవాలను మార్చి చూసింది. కత్తి అక్కడుందని పోలీసులకు ముందే తెలిసి ఉంటే? అప్పుడు నిందితుడి మాటవల్ల కొత్తగా బయటపడిందేమీ లేదు, మినహాయింపు వర్తించదు. అందరూ తిరిగే బాటపక్కన కనబడేలా పడి ఉంటే? దాని చోటు అతనికే తెలుసన్న వాదన బలహీనపడుతుంది.

ఇక మిగిలింది శిక్ష సంగతి. చెల్లిన మాటలు రుజువు చేసేది కత్తి ఎక్కడుందో అతనికి తెలుసని మాత్రమే. ఆ కత్తితోనే హత్య జరిగిందని ప్రాసిక్యూషన్ వేరే సాక్ష్యంతో చూపాలి. కత్తిమీది రక్తం మృతుడిదేనన్న ఫోరెన్సిక్ నివేదిక, గాయాలు అలాంటి ఆయుధంతో కలిగేవేనన్న డాక్టరు సాక్ష్యం అందుకు పనికొస్తాయి. అవేవీ లేకుండా కత్తి దొరకడం ఒక్కదాని మీదే హత్యానేరం నిలవదని ఆమె జవాబు చివర చేర్చింది.